ఒక చెట్టు మరో చెట్టుకు అన్నం పెడుతుందా? వేర్ల కింద దొరికిన సాక్ష్యం, దొరకని సాక్ష్యం

హైదరాబాద్‌లో ఒక ఆదివారం సాయంత్రం ప్రకృతి పరిశీలకుల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. చివర సభికుల ప్రశ్నల్లో ఒకదాన్ని కూడా చేర్చాం.

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంతమంది వచ్చారు, సంతోషం. వెనక వరుసలో ఉన్నవారికి మాట వినబడుతోంది కదా? సరే.

అడవిలో చెట్లు నేల కింద శిలీంధ్రాల ద్వారా ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయనీ, పెద్ద చెట్టు తన పిల్లలకు ఆ దారిలో ఆహారం పంపుతుందనీ మీరందరూ వినే ఉంటారు. తల్లి చెట్టు అనే మాట కూడా వినే ఉంటారు. మా వీధిలో ఆరో తరగతి చదివే అమ్మాయి ఈ సంగతి నాకే వివరంగా చెప్పింది. అంత దూరం పాకిపోయింది ఈ మాట. దీన్ని పూర్తిగా కొట్టిపారేయడానికి నేను రాలేదు, నెత్తిన పెట్టుకోవడానికీ రాలేదు. ఎవరు, ఎక్కడ, ఎలా కొలిచారు? కొలిచినప్పుడు ఏం కనబడింది? అది మాత్రమే చూద్దాం. ముఖ్యంగా ఒక్క పదార్థాన్ని వెంబడిద్దాం. అది కార్బన్. చెట్టు గాలిలోంచి తీసుకుని చక్కెరగా మార్చుకునే కార్బన్.

ముందు అందరూ ఒప్పుకునే భాగం చెప్పేస్తాను. చాలా మొక్కల వేర్లలో శిలీంధ్రాలు కాపురం ఉంటాయి. 1885లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ ఈ జోడీకి మైకోరైజా అని పేరు పెట్టాడు. శిలీంధ్రం దారపు పోగుల్లాంటి తంతువులను మట్టిలోకి పంపి భాస్వరం, నత్రజని, నీరు పట్టుకొస్తుంది. వేరుకన్నా ఎంతో సన్నని తంతువులు కాబట్టి వేరు దూరలేని చోట్లకు అవి దూరతాయి. బదులుగా మొక్క తన చక్కెరల్లోంచి, కొవ్వుల్లోంచి కొంత శిలీంధ్రానికి ఇస్తుంది. ఇందులో వివాదం లేదు. మన రైతులు వామ్ అనే పేరుతో కొని నారుమడిలో కలుపుతున్నది ఇందులో ఒక రకమే.

రెండు ప్రధాన రకాలున్నాయి, ఈ తేడా గుర్తుంచుకోండి, తర్వాత అవసరపడుతుంది. ఒక రకం వేరు కొసకు తొడుగులా చుట్టుకుంటుంది కానీ వేరు కణాల లోపలికి వెళ్ళదు. దాన్ని ఎక్టోమైకోరైజా అంటారు. పైన్, ఓక్, బర్చ్ వంటి చెట్లకు ఇది ఉంటుంది. శ్రీకాకుళం వైపు కొండల్లో కనిపించే గుగ్గిలం చెట్టు, అంటే సాల వృక్షం, దానికీ ఇదే. రెండో రకం వేరు కణాల లోపలే చెట్టు కొమ్మల్లా విస్తరిస్తుంది. ఆర్బస్కులర్ మైకోరైజా అంటారు. వేప, చింత, టేకు, మన పంట మొక్కల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకానివే.

ఇప్పుడు ప్రశ్న. ఒకే శిలీంధ్రం రెండు చెట్ల వేర్లను పట్టుకుంటే, ఒక చెట్టు కార్బన్ ఆ తంతువుల మీదుగా రెండో చెట్టులోకి వెళ్తుందా?

ఈ ప్రశ్నకు ప్రపంచమంతా చెప్పుకునే జవాబు 1997లో నేచర్ పత్రికలో వచ్చింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా అడవుల్లో సుజాన్ సిమార్డ్, ఆమె సహచరులు చేసిన ప్రయోగం అది. దీన్ని కొంచెం నెమ్మదిగా చూద్దాం, ఎందుకంటే తర్వాతి వాదమంతా దీని నిర్మాణంలోనే ఉంది.

వాళ్ళు మూడు జాతుల మొక్కలను పక్కపక్కనే నాటారు. పేపర్ బర్చ్ ఒకటి, డగ్లస్ ఫర్ ఒకటి, ఎర్ర సీడర్ ఒకటి. మొదటి రెండింటికీ ఎక్టోమైకోరైజా ఉంటుంది, చాలా శిలీంధ్రాలు ఆ రెండిటికీ ఉమ్మడి. సీడర్‌కు మాత్రం ఆర్బస్కులర్ రకం. అంటే సీడర్ పక్కనే ఉన్నా ఆ రెండిటి వలలో చేరదు. అందుకే దాన్ని సాక్షిగా పెట్టారు. బర్చ్ నుంచి ఫర్‌కు కార్బన్ వెళ్ళి, సీడర్‌కు వెళ్ళకపోతే, అది శిలీంధ్ర వంతెన మీదుగానే వెళ్ళిందని అనుకోవచ్చు. ఆలోచన చాలా చక్కగా ఉంది.

కార్బన్‌ను గుర్తించడం ఎలా? మామూలు కార్బన్ పరమాణువు ద్రవ్యరాశి 12. ప్రకృతిలో ఉన్న కార్బన్‌లో సుమారు నూటికి ఒక పాలు 13 ద్రవ్యరాశి ఉన్న రకం. 14 ద్రవ్యరాశి ఉన్నది రేడియోధార్మికం. మొక్క కొమ్మకు గాలి చొరబడని సంచి కట్టి, లోపలికి ఈ గుర్తులున్న కార్బన్ డై ఆక్సైడ్ వదిలితే, ఆకు దాన్ని మామూలు గాలిలాగే తీసుకుంటుంది. కొన్ని రోజుల తర్వాత పక్క మొక్కను తవ్వి తీసి, ఆ గుర్తు అందులో ఉందా అని చూస్తారు. సిమార్డ్ బృందం బర్చ్‌కు ఒక గుర్తు, ఫర్‌కు రెండో గుర్తు ఇచ్చింది. రెండు గుర్తులు ఎందుకు? ఒకటే ఇస్తే ఒక దిక్కున వెళ్ళింది మాత్రమే తెలుస్తుంది. బర్చ్ నుంచి ఫర్‌కు పది పాళ్ళు వెళ్ళి, ఫర్ నుంచి బర్చ్‌కు పది పాళ్ళు తిరిగి వస్తే ఎవరికీ మిగిలిందేమీ లేదు కదా? రాకా పోకా రెండూ కొలిస్తేనే మిగులు తెలుస్తుంది. ఈ జాగ్రత్తే ఆ ప్రయోగానికి బలం.

ఫలితం ఏమిటి? కార్బన్ రెండు వైపులా కదిలింది. ఫర్ మొక్కకు నికరంగా మిగిలింది. ఆ మిగులు, కిరణజన్య సంయోగక్రియ ద్వారా అవి తీసుకున్న గుర్తు కార్బన్‌లో సగటున 6 శాతం. ఫర్ మొక్కలపై నీడ కప్పితే ఆ మిగులు పరిమాణం మారింది. పత్రిక ఈ వ్యాసాన్ని ముఖచిత్రం మీద పెట్టింది. సీడర్ సంగతి? సీడర్‌లోనూ గుర్తు కనబడింది, కానీ తక్కువ. కాబట్టి ఎక్కువ భాగం తంతువుల మీదుగానే వెళ్ళిందని రచయితలు రాశారు.

ఇక్కడ ఆగుదాం. సీడర్‌లో గుర్తు కనబడిందంటే అర్థం ఏమిటి? శిలీంధ్ర వంతెన లేకుండానే కార్బన్ కదిలిందని అర్థం. ఎలా? వేర్లు చక్కెరలను మట్టిలోకి కారుస్తాయి. వేర్లు, శిలీంధ్రాలు, బాక్టీరియా శ్వాసించి కార్బన్ డై ఆక్సైడ్ వదులుతాయి. ఆ వాయువు మట్టిలోంచి పైకొచ్చి పక్క మొక్క ఆకుకు చేరవచ్చు, వేరూ కొంత పీల్చుకోవచ్చు. తంతువులు చచ్చి కుళ్ళినప్పుడు బయటపడ్డది మరొకరు తీసుకోవచ్చు. ఇవన్నీ కార్బన్ కదలికలే, వంతెన కదలికలు కావు. సీడర్ చూపిన భాగాన్ని తీసేసి మిగిలింది వంతెనదే అనాలంటే, మట్టి దారిలో ఫర్ ఎంత పీల్చుకుంటుందో సీడర్ కూడా సరిగ్గా అంతే పీల్చుకోవాలి. కానీ అది వేరే జాతి, వేరే వేరు, వేరే శిలీంధ్రం. అంత సమానంగా పీల్చుకుంటుందని ఎవరు హామీ ఇస్తారు? వంతెనను తెంచి చూసిన మొక్కలతో పోల్చే ఏర్పాటు ఆ ప్రయోగపు కేంద్ర వాదనలో లేదు. ఈ సందేహాన్ని డేవిడ్ రాబిన్సన్, అలస్టేర్ ఫిట్టర్ వంటివారు 1990ల చివరలోనే లేవనెత్తారు. ఇది ఈ మధ్య పుట్టిన గొడవ కాదండీ.

మరి వంతెనను తెంచవచ్చు కదా, అని మీరు అడుగుతారు. తెంచారు. చిన్న మొక్క చుట్టూ జల్లెడ గుడ్డ గోడ కడతారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాని కన్నం 0.5 మైక్రాన్ ఉంటే నీరు, అందులో కరిగినవి పోతాయి, తంతువు పోదు. 35 నుంచి 44 మైక్రాన్లు ఉంటే తంతువు పోతుంది, వేరు పోదు. ఒక మొక్కకు చిన్న కన్నాల గుడ్డ, మరొక మొక్కకు పెద్ద కన్నాల గుడ్డ చుట్టి, పక్క చెట్టుకు గుర్తు కార్బన్ ఇచ్చి, తేడా చూస్తారు. వినడానికి ఇది తిరుగులేని పరీక్షలా ఉంటుంది.

అయినా ఇందులో ఒక చిక్కు ఉంది, దాని మీద కొంత సమయం పెట్టాలి. చిన్న కన్నాల గుడ్డలో ఉన్న మొక్కకు ఏమవుతుంది? పెద్ద చెట్టు పోషిస్తున్న విశాలమైన శిలీంధ్ర వలలో చేరే అవకాశం పోతుంది. తన చిన్న గుప్పెడు మట్టిలో తన శిలీంధ్రంతోనే బతకాలి. పెద్ద కన్నాల గుడ్డలో ఉన్న మొక్కకు మాత్రం పెద్ద చెట్టు పెంచిన వలే అందుతుంది. ఆ వల దూరం నుంచి భాస్వరం, నత్రజని తెచ్చి ఇస్తుంది. కాబట్టి పెద్ద కన్నాల మొక్క బాగా పెరిగితే, పెద్ద చెట్టు దానికి చక్కెర పంపిందని అనలేం. వల ఖర్చు పెద్ద చెట్టు భరించింది, మొక్క ఆ వలలో చేరింది, అంతే కావచ్చు. ఎదుగుదల కొలిస్తే ఈ రెండూ కలిసిపోతాయి. విడదీయాలంటే గుర్తు కార్బన్ కావాలి, అది ఏ కణజాలంలో చేరిందో కూడా చూడాలి.

ఏ కణజాలం? ఈ ప్రశ్నకు స్విట్జర్లాండ్ ప్రయోగం సరిగ్గా దారి చూపిస్తుంది. 2016లో సైన్స్ పత్రికలో తామిర్ క్లైన్, రోల్ఫ్ సీగ్‌వోల్ఫ్, క్రిస్టియన్ కోర్నర్ దాన్ని ప్రచురించారు. ఇక్కడ నాటిన మొక్కలు కావు, నిజమైన అడవి. 40 మీటర్ల ఎత్తున్న స్ప్రూస్ చెట్లు ఐదింటిని ఎంచుకున్నారు. క్రేను సాయంతో వాటి కొమ్మల చుట్టూ గొట్టాలు అల్లి, కొన్నేళ్ళ పాటు కార్బన్ డై ఆక్సైడ్ వదిలారు. అందులో కార్బన్-13 మామూలు గాలిలోకన్నా తక్కువగా ఉంటుంది. అదే గుర్తు. ఎక్కువ వేయడం మాత్రమే గుర్తు కాదు, తక్కువ వేయడం కూడా గుర్తే.

పక్కనున్న బీచ్, పైన్, లార్చ్ చెట్ల సన్నని వేర్లలో ఆ గుర్తు దొరికింది. ఎంత? ఆ వేర్లలోని కార్బన్‌లో 40 శాతం వరకు ఇతర జాతి చెట్టుది అని వాళ్ళ లెక్క. హెక్టారుకు ఏటా దాదాపు 280 కిలోలు. ఎక్టోమైకోరైజా శిలీంధ్రాల పుట్టగొడుగుల్లోనూ గుర్తు కనబడింది. నేను మొదట చదివినప్పుడు ఆ 40 శాతం దగ్గర ఆగి మళ్ళీ చదివాను. చిన్న అంకె కాదది.

కానీ పక్క చెట్ల కాండంలో, కొమ్మల్లో గుర్తు లేదు. వేర్లలో ఉంది, పైన లేదు. మన చుట్టం వీధి గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోతే, ఇంట్లోకి వచ్చినట్టు లెక్క వేయం కదా? ఇక్కడి ఇబ్బంది అదే. అడవిలో సన్నని వేరు అంటే వేరు ఒక్కటే కాదు, దాని చుట్టూ శిలీంధ్రపు తొడుగు ఉంది, కణాల మధ్యకు దూరిన శిలీంధ్రం కూడా ఉంది. వేరును కడిగి, ఎండబెట్టి, నూరి కొలిస్తే ఆ కార్బన్‌లో వేరుది ఎంత, శిలీంధ్రానిది ఎంత? ఆ కొలత ఒక్కటీ ఈ సంగతి చెప్పలేదు. స్ప్రూస్ కార్బన్ పక్క చెట్టు వేరులోకి చేరిందనే వాదన పూర్తిగా నిజం కావచ్చు. స్ప్రూస్ తిండి తిన్న శిలీంధ్రం పక్క చెట్టు వేరు మీద కూర్చుని ఉండటం కూడా అంతే నిజం కావచ్చు. రెండు కథలకూ ఆ 40 శాతం సరిపోతుంది.

ఇప్పుడు మన ఊరి చెట్ల వైపు రండి. ఇంతసేపూ చెప్పినవన్నీ చల్లటి దేశాల ఎక్టోమైకోరైజా చెట్లు. మన కేబీఆర్ పార్కులో వేప, చింతల్లో ఉండేది రెండో రకం కదా? దాని మీద ప్రయోగశాలలో చాలా స్పష్టమైన పని జరిగింది. ఫిలిప్ ఫెఫర్, సహచరులు 2004లో రాశారు. క్యారెట్ వేర్లను గాజు పళ్ళెంలో పెంచి, ఒకే శిలీంధ్రాన్ని రెండు వేర్లకూ అంటించారు. ఒక వేరుకు గుర్తు కార్బన్ ఇచ్చారు. శిలీంధ్రం ఆ కార్బన్‌ను తీసుకుని తనలో మోసుకుపోయింది. కానీ రెండో వేరు కణజాలంలోకి అది దిగలేదు. గుర్తు శిలీంధ్రంలోనే ఉండిపోయింది. గాజు పళ్ళెంలో చేసింది అడవికి పూర్తిగా వర్తిస్తుందని నేను అనను. కానీ కణజాలాలను విడివిడిగా చూసినప్పుడు దొరికిన జవాబు ఇది, దాన్ని పక్కన పెట్టి మన వేపలు ఒకదానికొకటి చక్కెర పంచుకుంటున్నాయని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

అయితే శిలీంధ్రం మొక్కకు కార్బన్ అసలే ఇవ్వదా? ఇస్తుంది. ఇది రుజువైన విషయమే, అందుకే దీన్ని వదలకూడదు. ఆకుపచ్చ రంగే లేని మొక్కలు కొన్ని ఉన్నాయి. మోనోట్రోపా అనే జాతి వాటిలో ఒకటి. అది ఎండ నుంచి ఆహారం చేసుకోలేదు. స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ బ్యోర్క్‌మన్ 1960లో చెట్టులోకి రేడియోధార్మిక గుర్తున్న గ్లూకోజ్ ఎక్కించి, అది కొంత దూరంలోని మోనోట్రోపాలో చేరడం చూశాడు. చెట్టు నుంచి శిలీంధ్రంలోకి, శిలీంధ్రం నుంచి మొక్కలోకి. మరి ఇది చెట్ల పంపకానికి రుజువు కాదా? దారి ఉందనడానికి రుజువే. కానీ చెట్టు పంపిందనడానికి కాదు. ఆ మొక్క శిలీంధ్రాన్ని దోచుకుంటోంది. దోపిడీకి అలవాటు పడిన మొక్క చేసే పనిని ఓ ఫర్ మొక్క కూడా చేస్తుందని అనుకోలేం.

ఈ కథలో అందరూ మరచిపోతున్నది శిలీంధ్రాన్నే. మనం దాన్ని తీగలా, గొట్టంలా ఊహిస్తున్నాం. అది ఒక ప్రాణి. దాని అవసరాలు దానికున్నాయి. నత్రజని తక్కువగా ఉన్న ఉత్తరాది అడవుల్లో చేసిన అధ్యయనాల్లో, శిలీంధ్రాలు చాలా నత్రజనిని చెట్టుకు ఇవ్వకుండా తమ దగ్గరే ఉంచుకున్నాయని టోర్గ్నీ నాష్‌హోమ్ బృందం 2013లో చూపింది. చెట్టు ఇచ్చిన చక్కెరను పక్క చెట్టుకు చేరవేయడం వల్ల శిలీంధ్రానికి ఏమి లాభం? ఈ ప్రశ్నకు జవాబు చెప్పని సిద్ధాంతం సగం సిద్ధాంతమే అని నా అభిప్రాయం.

2023లో జస్టిన్ కార్స్ట్, మెలానీ జోన్స్, జేసన్ హోక్సెమా ముగ్గురూ అడవిలో చేసిన అధ్యయనాలన్నీ తిరగేశారు. మెలానీ జోన్స్ ఎవరో తెలుసా? 1997 వ్యాసానికి సహ రచయిత్రి. తన బృందపు పాత పనిని కూడా కొత్త కొలతతో చూడటానికి ముందుకు వచ్చిన మనిషి. వాళ్ళు మూడు మాటలను పరీక్షించారు. అడవుల్లో ఈ వలలు ఎల్లెడలా ఉన్నాయా? ఒక్కో శిలీంధ్రం ఏ ఏ చెట్ల వేర్ల మీద ఉందో జన్యు పరీక్షతో పటం గీసిన అధ్యయనాలు చాలా కొద్ది అని వాళ్ళు తేల్చారు. కెవిన్ బైలర్ బృందం 2010లో గీసిన ప్రసిద్ధమైన పటంలో ఒక డగ్లస్ ఫర్ 47 చెట్లతో కలిసి ఉంది. కానీ ఆ పటం చెప్పేది ఒకే శిలీంధ్రం రెండు వేర్ల మీదా ఉందని మాత్రమే. మధ్యలో తంతువు తెగకుండా ఉందా? పురుగు కొరికితే, ఎండకు ఎండితే తెగుతుంది. పటం ఆ సంగతి చెప్పలేదు. రెండో మాట, వలతో మొలకలు బాగా పెరుగుతాయా? ఫలితాలు మిశ్రమం, వేరే కారణాలతోనూ వివరించవచ్చు అన్నారు. మూడోది, తల్లి చెట్టు తన పిల్లలను గుర్తుపట్టి ఎక్కువ పంపుతుందా? అడవిలో దీనికి ప్రచురిత రుజువు లేదు అన్నారు. కుండీల్లో చేసినవి కొన్ని ఉన్నాయి. వాటిని అడవికి అంటగడుతున్నారు. సందేహం లేకుండా చెప్పే వాక్యాలు ఏటేటా పెరుగుతున్నాయని కూడా వాళ్ళు లెక్క చూపారు.

ఒకరు ఇందాకే చీటీ పంపారు. మా కాలనీలో పెద్ద వేప ఉంది, దాని కిందనే వేప మొక్కలు నాటమంటారా, తల్లి చూసుకుంటుంది కదా, అని. అయ్యా, నాటకండి. పెద్ద వేప కింద నీడ ఎక్కువ, దాని వేర్లు పై మట్టిలోని నీటిని ముందుగా తాగేస్తాయి. ఈ రెండు ఇబ్బందులూ మీ కళ్ళతో చూడగలిగినవి. మే నెలలో ఒకసారి ఆ చెట్టు కింద మట్టిని గుప్పెడు తీసి, ఎండలో ఉన్న పక్క మట్టితో పోల్చి చూడండి. మొలకలు చాలానే ఉంటాయి, వాటిలో వచ్చే ఏడాదికి ఎన్ని మిగులుతాయో లెక్కపెట్టండి. అయితే పాత చెట్టు దగ్గరి మట్టిలో దానికి అలవాటైన శిలీంధ్రం ఉంటుందనే మాట నిజమే. అందుకని కొత్త చోట నాటేటప్పుడు నాటే గుంటలో ఆ పాత మట్టిని కొద్దిగా కలపండి. అది వేరుకు శిలీంధ్రాన్ని అందిస్తుంది, నీటికి బదులు కాదు. మొదటి రెండు వేసవుల్లో నీళ్ళు పోయాల్సిందే.

ఈ చర్చను తేల్చే ప్రయోగం ఎలా ఉండాలంటే, అడవిలో ఎదిగిన చెట్టుకు గుర్తు ఇవ్వాలి. పక్క మొక్క చుట్టూ తంతువులను కొన్నిచోట్ల తెంచి, కొన్నిచోట్ల వదలాలి. గుడ్డ గోడ ఒకటే చాలదు, దాన్ని అప్పుడప్పుడు తిప్పి తంతువులను తెంచుతూ, అంతే మట్టి కదలిక రెండో వైపూ ఇవ్వాలి. వేరులో శిలీంధ్రానిది వేరుగా, వేరుది వేరుగా కొలవాలి. ఆకులో, కాండంలో గుర్తు చూడాలి. మట్టి వాయువును కూడా పట్టి కొలవాలి. క్లైన్ బృందమే 2022లో పైన్, ఓక్ మొక్కల మీద శిలీంధ్రాల డీఎన్ఏలోని గుర్తును వెతికి, ఏ శిలీంధ్రం కార్బన్ పట్టుకుందో పేరుతో సహా చెప్పగలిగింది. కణజాలాన్ని విడదీసి చూసే పనికి అది ఒక మంచి అడుగు. ఇంకెవరికైనా ప్రశ్నలుంటే, ముందు వరుసలోని ఆ అమ్మాయి చెయ్యెత్తి చాలాసేపయింది, ఆమెతో మొదలుపెడదాం.